మాటకారితనం – తెలివితేటలు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

మన బడిలో మాస్టారు పాఠం అప్పజెప్పమన్నప్పుడు చదవనివాళ్ళం ఏం చేసేవాళ్ళం? "జ్వరమొచ్చిందండి" అనేవాళ్ళం. మాస్టారు జాలిపడి తేలిక ప్రశ్న అడిగేవారు. అదే ఉపాయంతో ఒక కంప్యూటర్ ప్రోగ్రాం లండన్‌లో పెద్దపెద్దవాళ్ళను నమ్మించింది.

1950లో ఆంగ్ల గణితవేత్త అలన్ ట్యూరింగ్ ఒక ఆట ప్రతిపాదించారు. పరీక్షకుడు ప్రశ్నలు టైపు చేస్తాడు. అవతల ఒక మనిషి, ఒక యంత్రం ఉంటాయి. యంత్రమేదో తేల్చుకోలేకపోతే అది ఆలోచిస్తోందని ఒప్పుకోవచ్చు కదా అన్నది ఆయన వాదం. ఐదు నిమిషాల సంభాషణ తర్వాత సగటు పరీక్షకుడు సరిగ్గా గుర్తుపట్టే అవకాశం నూటికి 70కి మించని రోజు యాభై ఏళ్ళలో వస్తుందని కూడా ఊహించారు. అది జోస్యం మాత్రమే. తర్వాతివాళ్ళు దాన్ని పాస్ మార్కు చేసేశారు.

2014 జూన్‌లో లండన్ రాయల్ సొసైటీలో జరిగిన పోటీలో యూజీన్ గూస్ట్‌మన్ అనే ప్రోగ్రాం 33 శాతం న్యాయనిర్ణేతలను నమ్మించింది. అది తనను ఉక్రెయిన్‌లోని ఒడెస్సాకు చెందిన 13 ఏళ్ళ కుర్రాడినని చెప్పుకుంది. ఇక తప్పు చెబితే చిన్నవాడు, భాష తడబడితే పరాయి భాష! అదే ఏడాది స్కాట్ ఆరన్‌సన్ అనే శాస్త్రవేత్త ఒంటెకు ఎన్ని కాళ్ళని అడిగితే, రెండుకూ నాలుగుకూ మధ్య, బహుశా మూడేమో అంది. కుర్రాడనుకుంటే అది కొంటెతనం. ప్రోగ్రాం అనుకుంటే తెలియనితనం.

గూస్ట్‌మన్ పాతదనుకుందాం. 2025లో వెలువడిన పరిశోధనలో జీపీటీ-4.5కు ఇంటర్నెట్ అలవాటున్న బిడియస్తుడైన యువకుడి వేషం వేయమని సూచన ఇచ్చారు. అప్పుడు 73 శాతం సార్లు పరీక్షకులు దాన్నే మనిషి అనుకున్నారు. ఆ సూచన లేనప్పుడు 36 శాతమే. యంత్రం అదే, దానికి తెలిసిందీ అంతే. వేషం మారితే మార్కు రెట్టింపైంది. మరి ఆ పరీక్ష కొలిచింది తెలివినా, వేషాన్నా?

నేనూ ఇదే తప్పు చేశాను. కంప్యూటర్ అధ్యాపకుడిగా ఒక వైవాలో గడగడా మాట్లాడిన అబ్బాయికి నిండా మార్కులు వేశాను. తడబడిన అమ్మాయికి తక్కువ వేశాను. కొన్నాళ్ళకు ల్యాబ్‌లో, వాళ్ళ ప్రోగ్రాంలో ఒక్క షరతు మార్చి రాయమన్నాను. అమ్మాయి నాలుగు నిమిషాల్లో రాసింది. అబ్బాయి నవ్వి ఊరుకున్నాడు. మార్కులు మాత్రం అప్పటికే వెళ్ళిపోయాయి.

అప్పటినుంచి వైవాలో మాటలు విని మార్కు వేయలేదు. ఒక లైను మార్చి, చేసి చూపించమన్నాను. యంత్రాన్నైనా నేను అడిగేది అదే.