స్పెల్లింగ్ తప్పులకు మార్కులు కోస్తే, వాదనకు ఎన్ని మిగులుతాయి?

ఇవాళ ఒక ఆన్సర్ పేపర్ దిద్దుదాం. నందికొండ మన ఊరి డ్యామ్ కాబట్టి ప్రశ్న కూడా అక్కడిదే: "నాగార్జునసాగర్ వల్ల అందరికీ మేలే జరిగిందా?" 8 మార్కులు. పేపర్ నేను తయారు చేసిందే, కానీ డిస్లెక్సియా ఉన్న పిల్లల రాత ఇట్లాగే ఉంటది.

"సాగర్ కటినంక ఎడమ కలువ కింద నీలు వచ్చినై. కని లోయల ఉర్లు మునిగినై. నిళు ఒకరికి, నస్టం ఇంకొకరికి."

15 మాటల్లో 7 తప్పులు. ఒకే పేపర్లో నీళ్లు అన్న మాట "నీలు", "నిళు" అని రెండు రకాలుగా ఉంది చూశారా? నేర్చుకోక తప్పు రాసేవాళ్లు చాలాసార్లు ఒకే తప్పు రాస్తారు. ఇక్కడ తప్పు మారుతూ ఉంది. ఇది అనుమానానికి ఆధారమే, నిర్ధారణ మాత్రం కాదు. అది నిపుణుల పని.

ఇప్పుడు పైకి చదవండి. "ఎడమ కలువ" అంటే పువ్వు అని ఎవరైనా అనుకుంటారా? అర్థం ఎక్కడా పోలేదు.

మార్కులు ముందే విడదీద్దాం: అభిప్రాయానికి 2, ఆధారాలకు 3, రెండో వైపు చెప్పినందుకు 2, భాషకు 1. ఇతనికి అభిప్రాయం 2, రెండో వైపు 2. ఆధారాలకు 2 మాత్రమే, ఎందుకంటే మునిగిన ఊరు ఒక్కటీ పేరు పెట్టి చెప్పలేదు. జాలి పడి ఆ మార్కు ఇవ్వకూడదు. భాషకు 0. మొత్తం 6.

తప్పుకు అర మార్కు చొప్పున కోస్తే 3.5 పోయి 2.5 మిగులుతది. పక్క పేపర్లో ఇంకొకరు "సాగర్ మనకు గర్వకారణం, ఎంతో మేలు చేసింది" అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాశారు. అభిప్రాయానికి 1, భాషకు 1, మొత్తం 2. అంటే ఆలోచించినోడు, ఆలోచించనోడు దాదాపు ఒకటే అయిపోయారు!

2016 వికలాంగుల హక్కుల చట్టంలో స్పెసిఫిక్ లెర్నింగ్ డిజెబిలిటీ ఉంది. పరీక్షలో అదనపు సమయం, స్క్రైబ్ లాంటి సవరణల గురించి 17వ సెక్షన్ చెప్తది. కానీ స్క్రైబ్ లేకుండా రాసిన పేపర్ చివరికి దిద్దేవాళ్ల చేతికే వస్తది కదా.

చిక్కు ఎక్కడంటే, కాలువలకు నీళ్లు వదిలిన 1967ను అతను 1976 అని రాస్తే? అంకెలు తారుమారయ్యాయా, నిజంగా తెలియదా అన్నది పేపర్ చూసి చెప్పలేం. క్లాస్ టెస్ట్ అయితే పిలిచి "ఏ సంవత్సరం రా?" అని అడగొచ్చు. పబ్లిక్ పరీక్షలో ఆ అవకాశం లేదు, అందుకే ఆ ఒక్క ఆధారం మార్కే తగ్గించాలి. తెలుగు పేపర్లో "తప్పులు సరిదిద్దండి" అన్న ప్రశ్నకు మాత్రం ఈ పద్ధతి పనికిరాదు. అక్కడ అడిగిందే స్పెల్లింగ్.