పోయింది గంజిలో, మంటలో కాదు

వంటలో, నిల్వలో విటమిన్లు ఎలా తగ్గిపోతాయో చెప్పమనీ, అది పరీక్షలకు చదువుకునేవాళ్లకు కూడా పనికొచ్చేలా ఉండాలనీ ఆకాశవాణి వారు అడిగారు. చాలా ఏళ్లు హోమ్‌సైన్సు విద్యార్థినులకు పోషకాహారం పాఠం చెప్పినదాన్ని. ఏ విటమిన్ లోపిస్తే ఏ జబ్బు వస్తుందో ఇప్పుడు మళ్లీ చదివి వినిపించను. బి-కాంప్లెక్సూ సి నీటిలో కరుగుతాయనీ, ఎ, డి, ఇ, కె కొవ్వులో కరుగుతాయనీ మీకు తెలిసిందే. ఈ విభజన చూపే పట్టిక కింద పిల్లలు పెన్సిలుతో రాసుకునే వాక్యం ఒకటుంది: "నీటిలో కరిగేవి వేడికి నశిస్తాయి, కొవ్వులో కరిగేవి నిలుస్తాయి." అంగన్‌వాడీ సూపర్‌వైజర్ పరీక్షకు చదివే అమ్మాయిల నోట్సులో, స్టాఫ్ నర్సు పరీక్ష గైడ్లలో ఈ వాక్యం చూస్తూనే ఉన్నాను. నా మాటలన్నీ దాని గురించే.

కరగడం వేరు, నశించడం వేరు. కరిగిన విటమిన్ చెక్కుచెదరదు, చోటు మాత్రం మారుతుంది. బియ్యంలో ఉన్నది గంజిలోకి, ఆకులో ఉన్నది ఉడికించిన నీటిలోకి వెళుతుంది. ఆ నీరు తాగితే అది మనకే దక్కుతుంది. నశించడమంటే దాని అణువే విరిగిపోవడం. ఇక గంజి తాగినా, కూర తిన్నా ఫలితం లేదు. నయాసిన్ సంగతి చూడండి. బి వర్గంలోదే, నీటిలో కరిగేదే. కానీ వేడికి, వెలుతురుకు, గాలికి విటమిన్లన్నిటిలోకీ ఎక్కువగా తట్టుకునేది అదే. వండిన నీళ్లు పారబోస్తే తప్ప అది పెద్దగా పోదు. ఈ ఒక్క ఉదాహరణ చాలు, పెన్సిలు వాక్యం ఎంత తొందరపాటుదో తెలియడానికి.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ఇష్టమైన విషయానికి వస్తాను. బియ్యం, అందులోని బి1, అంటే థయామిన్.

మన కోస్తా జిల్లాలను ఉత్తర సర్కారులని పిలిచిన రోజుల్లో బెరిబెరి ఇక్కడ పాతుకుపోయిన జబ్బు. కాళ్లు తిమ్మిరెక్కి, నీరు పట్టి, గుండె నీరసించి మనుషులు పోయేవారు. పక్కనే తమిళ జిల్లాల్లో వరి అన్నమే తినే జనానికి ఆ జబ్బు అరుదు. రెండు చోట్లా బియ్యమే, రెండు చోట్లా పేదరికమే. తేడా ఏమిటంటే వాళ్లు ఉప్పుడు బియ్యం తినేవారు, మనవాళ్లు పచ్చి బియ్యం తినేవారు. పచ్చి బియ్యమైనా ఇంట్లో దంచుకున్నంత కాలం ఇబ్బంది లేదు. మరలో బాగా తెల్లగా పట్టించిన పచ్చి బియ్యంతోనే చిక్కు వచ్చింది. ఇవాళ హైదరాబాదులో తార్నాక దగ్గర ఉన్న జాతీయ పోషకాహార సంస్థ మొదలైంది కూడా ఈ జబ్బు కోసమే. 1918లో నీలగిరుల్లోని కూనూరులో, పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లోని ఒక్క గదిలో, మెకారిసన్ అనే వైద్యుడు నడిపిన బెరిబెరి పరిశోధన విభాగం దాని తొలి రూపం. అది 1958లో హైదరాబాదు చేరింది.

ఉప్పుడు బియ్యంలో ఉన్న కిటుకు ఏమిటి? వడ్లను నానబెట్టి, ఆవిరి పట్టించి, ఎండబెట్టి, ఆ తరవాత మరకు వేస్తారు. గింజలో థయామిన్ ఎక్కువగా ఉండేది పైపొరల్లో, మొలకను అంటిపెట్టుకున్న పొరలో. అవన్నీ తవుడుగా లేచిపోయే భాగాలు. వడ్లు నానినప్పుడు థయామిన్ ఆ నీటిలో కరిగి గింజ లోపలికి దిగుతుంది. ఆవిరికి లోపలి పిండి బిగుసుకుని దాన్ని పట్టి ఉంచుతుంది. ఆ తరవాత తవుడు తీసేసినా నష్టం తక్కువే. గంజిలో థయామిన్ పోవడానికి కారణమైన నీటిలో కరిగే గుణమే ఇక్కడ దాన్ని కాపాడింది. దీన్ని పాఠం చెప్పిన ప్రతిసారీ నాకు ఒళ్లు పులకరించేది.

లెక్క వేసి చూద్దాం. రెక్కల కష్టం మీద బతికే మనిషి రోజుకు 400 గ్రాముల బియ్యం తింటాడనుకోండి. మన పాత ఆహార పట్టికల ప్రకారం మరపట్టిన పచ్చి బియ్యం 100 గ్రాముల్లో థయామిన్ 0.06 మిల్లీగ్రాములు. అదే ఉప్పుడు బియ్యమైతే మరపట్టినా 0.21. అంటే ఆ మనిషి పచ్చి బియ్యంతో 0.24 మిల్లీగ్రాములతో మొదలవుతాడు. కసిగా రుద్ది కడిగితే అందులో సుమారు 40 శాతం కడుగు నీళ్లలో పోతుంది. మిగిలింది 0.14. నిండా ఎసరు పెట్టి గంజి వారిస్తే అందులో సగం పోయిందనుకుందాం. కంచంలోకి వచ్చేది 0.07. అతనికి కావలసింది రోజుకు ఒక మిల్లీగ్రాముకు పైనే. ఉప్పుడు బియ్యం తినే మనిషి 0.84తో మొదలవుతాడు. కడిగినా అందులో పోయేది చాలా తక్కువ. ఈ నష్టంలో పొయ్యి మంట వాటా ఎంత? నేను వేసిన లెక్కలో మంటకు విడిగా ఒక అంకె కూడా పెట్టలేదు, చూడండి. మామూలుగా అన్నం ఉడికే కాసేపట్లో వేడికి విరిగేది కొంతే. మరలో, కడుగులో, గంజిలో పోయిందే అసలు నష్టం.

ఒకసారి ప్రాక్టికల్ వైవాలో, వార్చిన అన్నంలో థయామిన్ ఎందుకు తగ్గిందని వరసగా అడుగుతున్నాను. అందరూ వేడికి నశించిందండీ అన్నారు. చివరి వరసలోంచి వచ్చిన ఒక పల్లెటూరి పిల్ల కాసేపు ఆలోచించి, "మా ఇంట్లో అయితే కుడితి తొట్టిలోకి పోతుందండీ మేడమ్, గేదె తాగుద్ది" అంది. తక్కిన పిల్లలు నవ్వారు. నేను ఆ రోజు పూర్తి మార్కులు వేసింది ఆ అమ్మాయికే. కడుగు నీళ్లూ, గంజీ, తవుడూ కలిపి పశువుకు పెట్టే ఇంట్లో పుట్టిన పిల్ల కనుక పోయింది ఎక్కడికి పోయిందో ఆమెకు తెలుసు.

గంజి పశువుకు పోయినా, ఇంట్లోవాళ్ల వాటా కూడా ఒకప్పుడు ఉండేది. ఉత్తరాంధ్రలో, గోదావరి జిల్లాల్లో తరవాణి కుండ లేని పేద ఇల్లు ఉండేది కాదు. వార్చిన గంజిని ఆ కుండలో పోసి పులియబెట్టి, రాత్రి మిగిలిన అన్నం అందులో వేసి, పొద్దున్నే ఉల్లిపాయతో తిని పొలానికి వెళ్లేవారు. గంజిలో కరిగింది మళ్లీ కడుపులోకే చేరేది. పైగా థయామిన్ పులుపులో బాగా నిలుస్తుంది. దాన్ని విరిచేది క్షార గుణం. పప్పు తొందరగా ఉడకాలని చిటికెడు వంటసోడా వేసే అలవాటు అందుకే నాకు గిట్టదు. మా అమ్మమ్మ వాళ్ల వీధిలో వేసవి పొద్దున తరవాణి పులుపు వాసన నాకింకా గుర్తుంది. ఆ కుండలు పోయాయి. అది పేదల తిండి అని సిగ్గుపడి మనమే పోగొట్టుకున్నాం. అంతకన్నా నష్టం మరొకటి జరిగింది. బియ్యం అద్దంలా మెరవాలి, కడిగిన నీళ్లు తేటగా రావాలి అని మూడు నాలుగు సార్లు రుద్ది కడుగుతున్నాం. ఆ పాల నీళ్లలో ఉన్నది మురికి కాదమ్మా, పిండీ విటమినూ. దుమ్ము పోయేలా ఒకటి రెండు సార్లు తేలిగ్గా కడిగి, సరిపడా నీళ్లతో అత్తెసరు పెడితే చాలు.

పప్పు, పాలు, పల్లీలు తినే ఇంట్లో గంజి వార్చినంత మాత్రాన బెరిబెరి వస్తుందని నేను భయపెట్టను. భయపడవలసింది బాలింత విషయంలో. పథ్యం పేరుతో నెలా రెండు నెలలు తెల్లటి అన్నం, కారప్పొడి తప్ప ఇంకేమీ పెట్టని ఇళ్లు ఇంకా ఉన్నాయి. తల్లి తిండిలో థయామిన్ లేకపోతే పాలల్లోనూ ఉండదు. తల్లిపాలు తాగే రెండు మూడు నెలల బిడ్డ గొంతు బొంగురుపోయి, ఆయాసపడి, గుండె ఒక్కసారిగా నీరసించి గంటల్లో ప్రాణం మీదికి తెచ్చుకుంటాడు. గుర్తించి థయామిన్ సూది వేస్తే అంతే తొందరగా తేరుకుంటాడు. పథ్యంలోంచి పప్పు తీసేయకండి. అలాంటి ఆయాసం కనిపిస్తే ఒక్క గంట కూడా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి.

సమయం చాలావరకు బియ్యానికే అయిపోయింది. మిగతావి క్లుప్తంగా చెబుతాను.

విటమిన్ సి రెండు విధాలా పోతుంది, కరిగీ పోతుంది, విరిగీ పోతుంది. అందుకే వంటలో అన్నిటికన్నా ఎక్కువగా పోయేది ఏదంటే పరీక్షలో సి అని రాయాలి. ఆకు తరగగానే దానిలోని ఎంజైమ్ గాలి తోడుగా సిని విరవడం మొదలుపెడుతుంది. ఆ ఎంజైమ్ మరిగే వేడికి చచ్చిపోతుంది. చల్లటి నీళ్లలో వేసి మెల్లగా కాచేకంటే మరిగే కొద్దిపాటి నీళ్లలో ఆకు వేసి మూతపెడితే ఎక్కువ మిగిలేది ఇందుకే. కడిగి తరగండి, తరిగి కడగవద్దు. కళాయి లేని రాగిపాత్రలో వండవద్దు, రాగి ఆ నష్టాన్ని వేగంగా పెంచుతుంది.

బి2, అంటే రైబోఫ్లేవిన్, వేడికి గట్టిది, వెలుతురుకు మెత్తనిది. కాచిన పాలలో ఉంటుంది, ఎండ పడే కిటికీలో పెట్టిన పాలలో తగ్గుతుంది. పరీక్షలో వేడి అని ఉందా, వెలుతురు అని ఉందా అన్నది చూసుకుని జవాబు రాయండి.

కొవ్వులో కరిగేవి గంజిలో పోవు, నిజమే. వాటికి శత్రువులు గాలి, వెలుతురు, మక్కిన నూనె. మునగాకును మండుటెండలో పరిచి ఆరబెడితే ఆకుపచ్చ రంగుతో పాటు, మన ఒంట్లో విటమిన్ ఎగా మారవలసిన కెరోటిన్ కూడా పోతుంది. నీడలో ఆరబెట్టి, మూత బిగించి, చీకట్లో దాచుకోవాలి. బజ్జీల మూకుడులో మళ్లీమళ్లీ కాగిన నూనెలో విటమిన్ ఇ తరిగిపోతుంది. డి వంట వేడికి చాలావరకు నిలుస్తుంది. కె కూడా వేడికి నిలుస్తుంది, వెలుతురుకు మాత్రం చెడుతుంది.