బోర్డు మీద ఇంగ్లీషుకి అరబిక్ అనువాదం: దుబాయ్ హోటల్ మేనేజర్‌కి మేం రాసిన ఉత్తరం

గత ఎపిసోడ్‌లో దుబాయ్ ట్రిప్ గురించి చెప్తూ "హోటల్‌తో ఒక గొడవ అయింది, తర్వాత చెప్తా" అన్నాను కదా. దాని గురించి చాలామంది అడిగారు. ఈరోజు అదే చెప్తాను. హోటల్ పేరు మాత్రం అడక్కండి, ఎందుకు చెప్పట్లేదో మధ్యలో మీకే అర్థమవుతుంది.

మాది రాజాం. 2022 వరకు శ్రీకాకుళం జిల్లా, ఇప్పుడు విజయనగరం జిల్లా. మా మేనత్త కొడుకు, అంటే మా బావ, సోంపేట నుంచి వెళ్ళి దుబాయ్‌లో ఏసీ మెకానిక్‌గా పనిచేస్తున్నాడు. ఉద్దానం వైపు ఇంటికొకరు గల్ఫ్‌లో ఉండడం మీకు తెలిసిందే. బావ ఎన్నాళ్ళ నుంచో రమ్మంటున్నాడని అమ్మ, నాన్న, చెల్లి, నేను నాలుగు రాత్రులు ఉండేలా వెళ్ళాం. ఫోర్ స్టార్ హోటల్, రెండు రూములు.

రిసెప్షన్ కౌంటర్ మీద చిన్న అద్దం స్టాండ్‌లో ఒక నోటీసు ఉంది. పైన పెద్ద అక్షరాల్లో ఇంగ్లీషులో "ఆల్ టాక్సెస్ ఇంక్లూడెడ్", కింద చిన్న అక్షరాల్లో అరబిక్. అన్ని పన్నులూ కలిపేశారన్నమాట అని డబ్బులు కట్టేశాం. ఖాళీ చేసే రోజు బిల్లులో ఇంకో 120 దిర్హాములు పడ్డాయి. మన డబ్బుల్లో రెండున్నర వేలు పైనే. నాన్న బిల్లు చూసి, "ఏట్రా, బోర్డు మీద ఒకటి, బిల్లు మీద ఒకటా?" అన్నారు.

ఆ 120 ఏంటంటే, టూరిజం దిర్హామ్. 2014 నుంచి దుబాయ్ హోటళ్ళలో రూముకి, రాత్రికి ఇంత అని వసూలు చేసే ప్రభుత్వ ఫీజు. ఫైవ్ స్టార్ అయితే 20, ఫోర్ స్టార్ అయితే 15. పదిహేను ఇంటూ నాలుగు రాత్రులు ఇంటూ రెండు రూములు, లెక్క కరెక్టే. అంటే ఫీజు దొంగ ఫీజు కాదు. అది కలిపేశాం అన్నట్టు బోర్డు పెట్టి, మళ్ళీ విడిగా తీసుకోవడమే తప్పు. కౌంటర్ దగ్గర అబ్బాయిని అడిగితే, "అరబిక్‌లో క్లియర్‌గా రాసే ఉంది సార్" అన్నాడు. మనకి అరబిక్ ఎక్కడొచ్చు!

నాకు కోపమొచ్చి అక్కడికక్కడే ఫోటో తీసి రీల్ పెట్టేద్దామనుకున్నా. ఫోటోలో ఆ అబ్బాయి ముఖం కూడా పడింది. బావ చూసి చెయ్యి పట్టుకున్నాడు. "ఒరేయ్ బామ్మర్దీ, అది మాత్రం పెట్టకు. నువ్వు రేపు ఎల్లిపోతావు, నేను ఇక్కడే ఉండాలి." నిజమే. యూఏఈలో 2021లో వచ్చిన సైబర్ నేరాల చట్టం ప్రకారం పర్మిషన్ లేకుండా ఒకరి ఫోటో పెట్టినా, ఆన్‌లైన్‌లో పరువు తీసేలా రాసినా జైలు గానీ, జరిమానా గానీ, రెండూ గానీ పడొచ్చు. నేను చెప్పింది నిజమే కదా అంటే సరిపోదు. అందుకని మనుషులెవరూ రాకుండా స్టాండ్ ఒక్కదాన్నే మళ్ళీ ఫోటో తీశాను. బావ పేరు ఎక్కడా రాకుండా, నేరుగా మేనేజర్‌కే ఉత్తరం రాద్దామనుకున్నాం.

ఇప్పుడు అసలు విషయం. ఆ రోజు సాయంత్రం బావ రూము దగ్గర ఉన్న టైపింగ్ సెంటర్‌కి వెళ్ళాం. అక్కడ వీసా ఫారాలు, అర్జీలు అరబిక్‌లో టైపు చేసి పెడతారు. మలయాళీ పెద్దాయన ఫోటో చూసి కింద లైను చదివాడు: "అల్ అస్ఆర్ షామిలా దరీబత్ అల్ ఖీమా అల్ ముదాఫా." అంటే ధరల్లో వ్యాట్ కలిసి ఉంది అని. అంతే! ఇంగ్లీషు "అన్ని పన్నులూ" అంటోంది, అరబిక్ "వ్యాట్ ఒక్కటే" అంటోంది. అరబిక్ చదివేవాడికి నిజం, ఇంగ్లీషు చదివేవాడికి వేరే మాట.

మేనేజర్ అరబ్బు మనిషి. ఆయన కంటికి ఆ బోర్డులో తప్పేమీ కనబడదు, ఎందుకంటే ఆయన చదివేది కింది లైను. అందుకే పైనున్న ఇంగ్లీషు లైనుని అరబిక్‌లోకి మార్చి, రెండూ పక్కపక్కన పెట్టి చూపిద్దామనుకున్నాం. మాకు బోర్డు ఏం చెప్పిందో ఆయన తన భాషలో చదవాలి.

పెద్దాయన రెండు నిమిషాల్లో టైపు చేసి ఇచ్చాడు. నాకు అరబిక్ రాదు కానీ కోడ్‌లో రెండు ఫైళ్ళు పోల్చే అలవాటు ఉంది కదా, బోర్డు మీద లైను, ఈయన లైను అక్షరాల ఆకారం పట్టి చూశాను. చివరి మూడు ముక్కలూ అచ్చం ఒకటే! అడిగితే నాలుక కరుచుకున్నాడు. అక్కడ టాక్స్ అంటే అందరికీ వ్యాటే, అలవాటులో అదే కొట్టేశాడు. ఆ కాగితం పంపి ఉంటే, "బోర్డు మీద ఉన్నదే మీరూ రాశారు, ఇంకేంటి కంప్లైంట్?" అనేవారు.

సరిచేస్తూ, "నీకు ఉపయోగపడేలా 'దరాయిబ్ వ రుసూమ్' అని రాయనా?" అన్నాడు. దరాయిబ్ అంటే పన్నులు, రుసూమ్ అంటే ఫీజులు. మన రుసుము అక్కడి నుంచి వచ్చిందే! బాగానే ఉంటుంది కానీ బోర్డు మీద ఫీజులు అనే మాట లేదు. అనువాదంలో ఒక్క మాట ఎక్కువైనా మేమే అబద్ధమాడినట్టు. "జమీ అల్ దరాయిబ్", అంటే "అన్ని పన్నులూ" దగ్గరే ఆపమన్నాను. బావకి నచ్చలేదు. "వాళ్ళు ఇది పన్ను కాదు, ఫీజు అంటే ఏం చేస్తావు?" అన్నాడు. దానికి జవాబు బిల్లులోనే ఉంది. హోటల్ వాళ్ళే టూరిజం దిర్హామ్‌ని "టాక్సెస్" అనే హెడ్డింగ్ కింద ప్రింట్ చేశారు.

నాన్న మాత్రం "మోసం అని రాయరా" అన్నారు. అరబిక్‌లో మోసానికి ఘిష్ అంటారు, అది నేరం మోపడమే. తప్పుదోవ పట్టించే అనడానికి ముదల్లిల్ అనే మాట ఉంది. మేం రెండోదే వాడాం. ఇంగ్లీషులో పంపిన ఉత్తరం తెలుగులో చెప్తే ఇదీ:

"అయ్యా, మేము మీ హోటల్‌లో రెండు గదుల్లో నాలుగు రాత్రులు ఉన్నాం. రిసెప్షన్ కౌంటర్ మీది నోటీసులో ఇంగ్లీషు వాక్యం అన్ని పన్నులూ కలిశాయని చెబుతోంది. అరబిక్ వాక్యం వ్యాట్ మాత్రమే కలిసిందని చెబుతోంది. మేము ఇంగ్లీషు వాక్యాన్ని నమ్మి గది తీసుకున్నాం. తర్వాత మీ బిల్లులో పన్నుల శీర్షిక కింద టూరిజం దిర్హామ్ 120 అదనంగా వేశారు. ఇంగ్లీషు వాక్యానికి అరబిక్ అనువాదం జతచేశాను, దయచేసి మీ వాక్యంతో పోల్చి చూడండి. ఆ నోటీసు తప్పుదోవ పట్టించేలా ఉంది. 120 దిర్హాములు తిరిగి ఇచ్చి, నోటీసు సరిచేయమని కోరుతున్నాను. మీ సిబ్బంది మాతో మర్యాదగానే ఉన్నారు, వారి మీద ఫిర్యాదు లేదు."

ఆ చివరి వాక్యం అమ్మ చెప్పింది. కౌంటర్ అబ్బాయి ఉద్యోగం పోతుందేమోనని ఆవిడ బెంగ.

ఫోటో, అనువాదం, బిల్లు మూడూ జతచేశాం. అనువాదాన్ని పీడీఎఫ్‌గా పెట్టండి. అరబిక్ కుడి నుంచి ఎడమకి కదా, మెయిల్‌లో పేస్ట్ చేస్తే అంకెలు, చుక్కలు అటూ ఇటూ అయిపోతాయి. ఫోటో ఒరిజినల్ ఫైల్ కత్తిరించకుండా దాచుకోండి. మేనేజర్‌కి రాయడానికి స్టాంపు ఉన్న అనువాదం అక్కర్లేదు. కోర్టుదాకా వెళ్తే మాత్రం న్యాయశాఖ లైసెన్సు ఉన్న అనువాదకుడే చేయాలి. 120 దిర్హాముల కోసం అంతదూరం వెళ్తే ఖర్చే ఎక్కువ. మధ్యలో దుబాయ్ ఆర్థిక, పర్యాటక శాఖకి ఫిర్యాదు చేసే దారి ఒకటుంది, మాకు ఆ అవసరం రాలేదు.

నాలుగో రోజు జవాబొచ్చింది. మొదటి లైన్లో బావ చెప్పినట్టే, "అది పన్ను కాదు, ప్రభుత్వ రుసుము." రెండో లైన్లో, "అయినా మీ అసౌకర్యం దృష్ట్యా మొత్తం వాపసు ఇస్తున్నాం." సారీ లేదు. డబ్బులు తర్వాత కార్డులో పడ్డాయి. బావ ఆ దారిన వెళ్ళినప్పుడు లోపలికి తొంగి చూశాడంట. స్టాండ్ అక్కడే ఉంది, ఇంగ్లీషు లైను మాత్రం "వ్యాట్ ఇంక్లూడెడ్" అని మారింది.

సరే ఫ్రెండ్స్, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.