మార్టు ఫోను పోతే కస్టమర్లకు ఏమని చెప్పాలి?
(సర్వసభ్య సమావేశంలో రికార్డుల ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగం)



మన సంఘాలు ఇప్పుడు పొదుపు, అప్పులతోనే ఆగిపోలేదు. మార్టులు నడుపుతున్నాం, పచ్చళ్లు, పొడులు అమ్ముతున్నాం. కొనేవాళ్ల పేర్లు, ఫోను నంబర్లు, బాకీలు మన దగ్గర ఉంటున్నాయి. కొందరి ఆధార్ కార్డులు, పాసుపుస్తకాల ఫోటోలు కూడా ఉంటున్నాయి. అవి మన చేతిలోంచి జారిపోయిన రోజున ఆ మనుషులకు ఏమని చెప్పాలి? ఈ ఒక్క విషయమే ఇవాళ మేము మాట్లాడతాం.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఇది ఎక్కడా జరిగింది కాదు, అర్థం కావడానికి మేము అల్లుకున్నది. ఒక మండల సమాఖ్య మహిళా మార్టు నడుపుతోంది. మార్టు ఫోనులో 600 మంది కస్టమర్ల పేర్లు, నంబర్లు, అరువు బాకీలు ఉన్నాయి. వాళ్లలో 80 మంది అరువు ఖాతా తెరిచేటప్పుడు ఆధార్ కార్డు, పాసుపుస్తకం మొదటి పేజీ ఇచ్చారు. వాటి ఫోటోలూ అందులోనే ఉన్నాయి. శనివారం సాయంత్రం బస్టాండులో ఆ ఫోను పోయింది.

ఇలాంటప్పుడు రెండు రకాల ఆలోచనలు వస్తాయి. మొదటిది, “ఎవరికీ చెప్పొద్దు, ఊరికే భయపడతారు” అని. రెండోది, వెంటనే వాట్సాప్ గ్రూపులో “మీ వివరాలన్నీ దొంగల చేతిలో పడ్డాయి, జాగ్రత్త!” అని పెట్టేయడం. మొదటి దారిలో వెళితే మోసగాడి ఫోను వచ్చినప్పుడు కస్టమరుకు అనుమానం రాదు. రెండో దారిలో వెళితే సోమవారం పొద్దున్నే బ్యాంకు ముందు వరస కడతారు, దాచుకున్న డబ్బంతా తీసి ఇంట్లో డబ్బాలో పెట్టుకుంటారు. ఆ డబ్బుకు ఇల్లు బ్యాంకు కన్నా భద్రం కాదు.

మనిషికి భయం ఎక్కువయ్యేది వివరం తెలియనప్పుడు. ఏం పోయింది, ఏం పోలేదు, ఇవాళ నేనేం చేయాలి అన్న మూడు ప్రశ్నలకు జవాబు దొరికితే భయం చాలావరకు జాగ్రత్తగా మారుతుంది.

ముందు మన పని

ఉత్తరం రాయబోయే ముందు చేయాల్సినవి ఉన్నాయి. అవి చేస్తేనే “మేము ఈ పని చేశాం” అని ఉత్తరంలో రాయగలం. మొట్టమొదట సిమ్ ఆపించాలి. ఫోనుకు తాళం ఉన్నా, సిమ్ తీసి వేరే ఫోనులో వేస్తే మన నంబరుకు వచ్చే ఓటీపీలు వాళ్లకు వెళతాయి. మన పేరుతో వాట్సాప్ తెరిచి కస్టమర్లకే మెసేజీలు పెట్టగలరు. అదే నంబరుతో కొత్త సిమ్ తీసుకొని మన వాట్సాప్ మళ్లీ తెరిస్తే పాత ఫోనులో అది పనిచేయదు. తర్వాత పోలీసు స్టేషన్‌లో ఫిర్యాదు. ఆ ఫిర్యాదు కాగితంతో, ఫోను ఐఎంఈఐ నంబరుతో సంచార్ సాథీ సైటులో ఆ ఫోనునే ఆపించవచ్చు. ఐఎంఈఐ నంబరు ఫోను డబ్బా మీద, బిల్లు మీద ఉంటుంది. గూగుల్ ఖాతా నుంచి ఫోనులోని సమాచారం చెరిపేయమని కూడా ఆదేశం ఇవ్వొచ్చు. అయితే ఫోనుకు నెట్ అందినప్పుడే అది జరుగుతుంది. కాబట్టి ఆదేశం ఇచ్చాం అని రాయాలి గానీ, చెరిగినట్టు తెలిసేదాకా “చెరిపేశాం” అని రాయకూడదు.

ఇక రెండో పని, పోయినదాన్ని రెండు కుప్పలుగా వేరు చేయడం. పేరు, నంబరు, బాకీ మాత్రమే పోయినవాళ్లు 520 మంది. ఆధార్, పాసుపుస్తకం కూడా పోయినవాళ్లు 80 మంది. ఇద్దరికీ ఒకటే ఉత్తరం పంపితే 520 మంది లేని ప్రమాదానికి భయపడతారు, 80 మంది ఉన్న ప్రమాదాన్ని తేలిగ్గా తీసుకుంటారు. అందుకే రెండు ఉత్తరాలు.

ఎలా రాయాలి

వ్యక్తిగత సమాచార రక్షణకు 2023లో చట్టం వచ్చింది. దాని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. సమాచారం పోయినప్పుడు ఆలస్యం చేయకుండా, సూటిగా, తేటగా ఐదు సంగతులు చెప్పాలని అందులో ఉంది. ఏం జరిగింది, దానివల్ల మీకేం రావొచ్చు, మేమేం చేశాం, మీరేం చేయాలి, ఎవరిని అడగాలి. ఈ భాగం అమలుకు 18 నెలల గడువు ఇచ్చారు. గడువుతో పనిలేకుండా మన ఉత్తరానికి ఈ వరస సరిపోతుంది.

80 మందికి వెళ్లే ఉత్తరం ఇలా ఉండొచ్చు:

“అమ్మా, శనివారం సాయంత్రం ఆరు గంటలకు మన మార్టు ఫోను బస్టాండులో పోయింది. అందులో మీ పేరు, ఫోను నంబరు, అరువు బాకీ, మీ ఆధార్ కార్డు ఫోటో, పాసుపుస్తకం మొదటి పేజీ ఫోటో ఉన్నాయి. మీ ఏటీఎం కార్డు, పిన్ నంబరు, వేలిముద్ర అందులో లేవు.

ఫోనుకు తాళం వేసి ఉంది. అయినా దాన్ని ఎవరూ తెరవలేరని మేము చెప్పలేం. ఆ కాగితాల ఫోటోలు మాత్రమే పెట్టుకొని మీ ఖాతాలోంచి డబ్బు తీయడం కుదరదు. కానీ మీ ఖాతా నంబరు చదివి వినిపించి, బ్యాంకు వాళ్లమని నమ్మించి ఎవరైనా ఓటీపీ అడగవచ్చు.

మేము ఆ రాత్రే సిమ్ ఆపించాం, పోలీసులకు ఫిర్యాదు ఇచ్చాం. ఇవాళ్టి వరకు డబ్బు పోయిందని ఎవరూ మాకు చెప్పలేదు.

మీరు చేయాల్సింది: ఓటీపీ, పిన్ ఎవరు అడిగినా చెప్పకండి. ఖాతా మూసేయక్కర్లేదు, డబ్బు తీసేయక్కర్లేదు. ఈ వారంలో ఒకసారి పాసుపుస్తకం ప్రింటు వేయించి చూసుకోండి. మీరు తీయని డబ్బు పోయినట్టు కనిపిస్తే ఆ క్షణమే 1930కి ఫోను చేయండి, బ్యాంకులో చెప్పండి, మాకూ చెప్పండి.

అనుమానం ఉంటే మార్టు బిల్లు మీద అచ్చయిన నంబరుకు చేయండి, లేదా మార్టుకే రండి. వచ్చే సోమవారం మళ్లీ మీకు సంగతి చెబుతాం.”

ఇందులో కొన్ని మాటల మీద మేము చాలాసేపు ఆగాం. “ఎవరూ మాకు చెప్పలేదు” అన్నాం గానీ “ఏ నష్టమూ జరగలేదు” అనలేదు. మొదటిది మనకు తెలిసిన నిజం, రెండోది మనకు తెలియనిది. రేపు ఒక్కరి డబ్బు పోయినా రెండో మాట అబద్ధమవుతుంది. ఆ తర్వాత మనం చెప్పేది ఎవరూ నమ్మరు. అలాగే “సాంకేతిక కారణాల వల్ల కొంత సమాచారం ప్రభావితమై ఉండవచ్చు” లాంటి వాక్యం వద్దు. ఫోను పోయింది అంటే అందరికీ అర్థమవుతుంది.

520 మందికి వెళ్లే ఉత్తరం ఇంకా చిన్నది. వాళ్లకు రాగల ప్రమాదం వేరు. “మార్టు నుంచి మాట్లాడుతున్నాం, మీ బాకీ 1,340 రూపాయలు, ఈ క్యూఆర్‌కు కొట్టండి” అని ఎవరైనా ఫోను చేయవచ్చు. బాకీ అంకె సరిగ్గా చెప్పేసరికి ఎవరైనా నమ్ముతారు. కాబట్టి “మేము బాకీ ఫోనులో అడగం. కౌంటరు దగ్గరే కట్టి రసీదు తీసుకోండి” అని రాస్తే చాలు. ఆధార్, పాసుపుస్తకం కాగితాలు వాళ్లవి అందులో లేవని కూడా రాయాలి.

వేలిముద్ర సంగతి

80 మందిలో కొందరు వేలిముద్రతో డబ్బు తీసుకునే మాటేమిటని అడుగుతారు. దొంగ వేలిముద్రలు తయారుచేసి ఆధార్ ద్వారా డబ్బు తీసిన కేసులు మన రాష్ట్రాల్లోనే పోలీసులు పట్టుకున్నారు. మన ఉదాహరణలో వేలిముద్ర పోలేదు. అయినా కావాలనుకున్నవాళ్లు ఆధార్ సైటులో గానీ ఆధార్ యాప్‌లో గానీ వేలిముద్రకు తాళం వేసుకోవచ్చు. దానికి ఆధార్‌కు కలిపిన ఫోను నంబరు దగ్గరుండాలి. ఒక సంగతి ముందే చెప్పాలి. తాళం వేశాక రేషను షాపులో, పింఛను దగ్గర కూడా ఆ వేలు పనిచేయదు, కాసేపు తాళం తీసుకోవాలి. ఇది చెప్పకుండా తాళం వేయిస్తే, ఒకటో తారీఖున పింఛను కోసం వచ్చిన ముసలమ్మ కంగారు పడుతుంది.

ఎలా అందించాలి

మోసగాళ్లు పంపేవి కూడా “మీ వివరాలు పోయాయి, వెంటనే ఇది నొక్కండి” అనే మెసేజీలే. కాబట్టి మన ఉత్తరంలో లింకు ఉండకూడదు, ఏ నంబరూ చెప్పమని అడగకూడదు. చదవడం రానివాళ్లకు గ్రామ సంఘం లీడరు ఇంటికి వెళ్లి చదివి వినిపించాలి. ఆ 80 మంది పేర్లు నోటీసు బోర్డు మీద గానీ గ్రూపులో గానీ పెట్టొద్దు. ఎవరికి అరువు ఉందో ఊరంతటికీ మనమే చెప్పినట్టవుతుంది. కౌంటరులో కూర్చునేవాళ్లు, ఇంటింటికీ వెళ్లేవాళ్లు అందరూ అదే కాగితం చూసి అవే మాటలు చెప్పాలి. ఒకరు “ఏం కాదులే” అని, ఇంకొకరు “ఏమో మరి” అని అంటే అక్కడే పుకారు పుడుతుంది.

తొందరగా చెప్పడం ఎందుకంటే అందులో డబ్బు లెక్క ఉంది. 1930కి ఎంత ముందు ఫోను చేస్తే, ఆ డబ్బు దొంగ ఖాతాలో ఉండగానే ఆపే వీలు అంత ఎక్కువ. రిజర్వు బ్యాంకు 2017 జూలైలో ఇచ్చిన ఆదేశంలో, తప్పు బ్యాంకుదీ కస్టమరుదీ కానప్పుడు, డబ్బు పోయినట్టు బ్యాంకు నుంచి సమాచారం అందాక మూడు పనిదినాల లోపు ఫిర్యాదు చేస్తే ఆ నష్టం కస్టమరు మీద పడదని ఉంది. ఓటీపీ తనే చెప్పి ఉంటే మాత్రం బ్యాంకుకు తెలిపేదాకా పోయిన డబ్బు తనదే. మనం వారం ఆలస్యంగా చెబితే ఆ వారంలో ఓటీపీ చెప్పేసిన మనిషి నష్టపోతుంది.

సోమవారం మళ్లీ చెబుతామన్న మాట తప్పకూడదు. కొత్త సంగతి ఏమీ లేకపోతే “ఫోను దొరకలేదు, ఫిర్యాదులు రాలేదు” అన్న రెండు ముక్కలైనా చెప్పాలి.

మా ఉపసంఘం మీ ముందు పెట్టే ప్రతిపాదనలు రెండు. ఈ ఉత్తరాలు రెండూ ఖాళీలు వదిలి అచ్చు వేయించి ప్రతి యూనిట్ ఫైలులో పెట్టాలి. ఫోను ఐఎంఈఐ నంబరు ఆ ఫైలు మొదటి పేజీలోనే రాసి ఉంచాలి. రెండోది, అరువు ఖాతాకు ఆధార్ మొత్తం అక్కర్లేదు, చివరి నాలుగు అంకెలు మాత్రమే కనిపించే కాపీ సరిపోతుంది. పాసుపుస్తకం ఫోటో అసలు అవసరమే లేదు. ఉన్న ఫోటోలు ఈ నెలలోనే చెరిపేస్తే, రేపు ఫోను పోయినా రాయాల్సింది ఆ చిన్న ఉత్తరం ఒక్కటే. వీటి మీద మీ అభిప్రాయాలు చెప్పండి.