చర్య పూర్తయిందా? ఐఆర్ స్పెక్ట్రమ్‌లో రెండు చోట్ల చూద్దాం

సైక్లోహెక్సనాల్‌ని ఆక్సీకరణం చేసి సైక్లోహెక్సనోన్ తయారుచేశాం అనుకోండి. ఆల్కహాల్ అంతా కీటోన్‌గా మారిందా? ఐఆర్ స్పెక్ట్రమ్‌ని అడుగుదాం.

ఈ గ్రాఫులో పెద్ద సంఖ్యలు ఎడమవైపు ఉంటాయి, పీకులు కిందికి దిగుతాయి. మొదట 3300 సెం.మీ.⁻¹ దగ్గర చూడండి. ఆల్కహాల్‌లోని హైడ్రాక్సిల్ అక్కడ నాలుకలా వెడల్పుగా దిగుతుంది. ఒక్కో అణువుకి హైడ్రోజన్ బంధం ఒక్కో బలంతో ఉంటుంది కాబట్టే ఆ వెడల్పు. తర్వాత 1715 దగ్గరికి రండి. కీటోన్‌లోని కార్బొనిల్ అక్కడ కత్తిలా సన్నగా, లోతుగా దిగుతుంది.

మన శాంపిల్‌లో 1715 పీక్ బాగా వచ్చింది. కానీ 3400 దగ్గర వెడల్పు పట్టీ కూడా కనిపిస్తోంది. ఆల్కహాల్ మిగిలిందనేనా? తొందరపడకండి, నీటికి కూడా హైడ్రాక్సిల్ బంధాలే కదా! నీరైతే 1640 దగ్గర ఇంకో చిన్న పీక్ ఇస్తుంది. అయితే అది పక్కనున్న కార్బొనిల్ పీక్ నీడలో కలిసిపోవచ్చు. అందుకే శాంపిల్‌ని అనార్ద్ర మెగ్నీషియం సల్ఫేట్‌తో ఆరబెట్టి, వడకట్టి, మళ్ళీ స్పెక్ట్రమ్ తీయండి. పట్టీ పోయిందా, అది నీరే. అలాగే ఉందా, ఆల్కహాల్ మిగిలినట్టే.

ఒక్క మాట. పట్టీ కనిపించకపోయినా కొద్దిపాటి ఆల్కహాల్ దాగి ఉండొచ్చు. అది తేల్చడానికి గ్యాస్ క్రొమటోగ్రఫీ కావాలి.