స్లోపు ఎంత? అని అడిగితే నీళ్లు నమలొద్దు!
(అచ్యుతాపురంలో విద్యార్థులు, ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఫ్లోరైడ్ అనగానే అందరికీ నల్లగొండ గుర్తుకొస్తుంది. మన దేశంలో ఈ జబ్బును మొదట గుర్తించి రాసింది మాత్రం 1937లో, అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల గురించి. నల్లగొండ గోస తెలంగాణ ఉద్యమానికి ఆయుధమైంది. 2014లో రాష్ట్రం వచ్చింది. మన ప్రత్యేక ఉత్తరాంధ్ర ఉద్యమం కూడా నీళ్ల గురించే మాట్లాడుతోంది. మంచిదే. కాని నీళ్ల గురించి మాట్లాడేవాడి చేతిలో ఉన్న అంకె నిలబడేదై ఉండాలి. అచ్యుతాపురం బోర్లలో ఫ్లోరైడ్ ఉందనో లేదనో చెప్పడానికి మేము రాలేదు. అది మీరే కొలిచి చెప్పాలి. ఎలా కొలిస్తే ఎవరూ కాదనలేరో చెప్పడానికి వచ్చాము.

మాకు జరిగిన పరాభవంతోనే మొదలుపెడతాము. ఒక పల్లె బోరు నీళ్లను తెలిసిన ప్రయోగశాలలో కొలిపించాము. లీటరుకు 1.6 మిల్లీగ్రాములని వచ్చింది. పరిమితి 1.5 దాటిందని వినతిపత్రం రాసి, ఊరివాళ్లను వెంటబెట్టుకుని ఒక కార్యాలయానికి వెళ్లాము. అక్కడి అధికారి కాగితం చూసి రెండే ప్రశ్నలు వేశాడు. "మీ స్లోపు ఎంత? చివర్లో స్టాండర్డు మళ్లీ పెట్టి చూశారా?" మేము నీళ్లు నమిలాము. ఊరి ముందు తల వంచుకుని బయటకొచ్చాము. కోపం వచ్చింది నిజమే. కాని ఆయన అడిగినదాంట్లో తప్పు లేదు.

ఆ ప్రశ్నలకు అర్థమేమిటో చూద్దాం. ఫ్లోరైడ్ ఎలక్ట్రోడు కొసన లాంథనమ్ ఫ్లోరైడ్ స్ఫటికం చిన్న బిళ్లలా ఉంటుంది. 1966లో అమెరికాలో ఫ్రాంట్, రాస్ అనే ఇద్దరు దీన్ని తెచ్చారు. నీటిలో విడిగా తిరిగే ఫ్లోరైడ్ అయాన్లను బట్టి ఆ బిళ్ల దగ్గర వోల్టేజి మారుతుంది. మీటరు చూపేది మిల్లీగ్రాములు కాదు, మిల్లీవోల్టులు. ఫ్లోరైడ్ పెరిగితే ఆ అంకె తగ్గుతుంది. ఫ్లోరైడ్ పది రెట్లయితే 25 డిగ్రీల వద్ద సుమారు 59 మిల్లీవోల్టులు పడిపోవాలి. ఆ పడిపోయే లెక్కే స్లోపు. 54కీ 60కీ మధ్య ఉంటే ఎలక్ట్రోడు బాగున్నట్టు. 50కి దిగిందంటే బిళ్ల మీద మురికి పట్టిందో, బిళ్ల కింద గాలి బుడగ చిక్కిందో, స్టాండర్డ్లే తప్పో చూసుకోవాలి. మురికి పడితే ఫ్లోరైడ్ టూత్‌పేస్టుతో మెల్లగా రుద్ది కడగడం ప్రయోగశాలల్లో ఉన్న పద్ధతే.

విడిగా తిరిగే ఫ్లోరైడ్ అన్నాము కదా, చిక్కంతా అక్కడే. నీటిలో అల్యూమినియం, ఇనుము ఉంటే అవి ఫ్లోరైడ్‌ను పట్టేసుకుంటాయి. పట్టుబడ్డ ఫ్లోరైడ్ ఎలక్ట్రోడుకు కనబడదు, తాగినవాడి ఒంట్లోకి మాత్రం పోతుంది. నీరు మరీ ఆమ్లంగా ఉంటే ఫ్లోరైడ్ హైడ్రోజన్‌తో కలిసి దాక్కుంటుంది. క్షారం ఎక్కువైతే హైడ్రాక్సైడ్‌నే ఎలక్ట్రోడు ఫ్లోరైడ్ అనుకుంటుంది. ఇక ఉప్పదనం ఒక్కో బోరులో ఒక్కో తీరు. ఉప్పు మారితే అదే ఫ్లోరైడ్‌కు వేరే అంకె వస్తుంది.

వీటన్నిటికీ మందు టిసాబ్ అనే బఫరు. ఎసిటిక్ ఆమ్లం, మామూలు ఉప్పు, సీడీటీఏ అనే రసాయనం కలిపి, సోడియం హైడ్రాక్సైడ్‌తో పీహెచ్‌ను 5కీ 5.5కీ మధ్యకు తెస్తారు. ఉప్పు అన్ని శాంపిళ్ల అయాన్ల బలాన్నీ సమం చేస్తుంది. సీడీటీఏ అల్యూమినియాన్ని తాను పట్టుకుని ఫ్లోరైడ్‌ను వదిలిస్తుంది. శాంపిలుకు ఎంత కలిపితే స్టాండర్డుకూ అంతే కలపాలి, సగానికి సగం. పటికతో ఫ్లోరైడ్ తీసే నల్లగొండ పద్ధతి నీళ్లను కొలిచేటప్పుడు ఇది మరీ ముఖ్యం. ఆ నీటిలో పటిక తాలూకు అల్యూమినియం మిగిలి ఉండొచ్చు. సీడీటీఏ లేకుండా కొలిస్తే, శుద్ధి బాగా జరిగిందని కాగితం చెబుతుంది, ఫ్లోరైడ్ మాత్రం గ్లాసులోనే ఉంటుంది.

ఇప్పుడు మా కథకు వద్దాం. పాత నోటుబుక్కు తెరిచాము. లీటరుకు 1 మిల్లీగ్రాము స్టాండర్డు 90 మిల్లీవోల్టులు చూపింది. 10 స్టాండర్డు 32 చూపింది. అంటే స్లోపు 58, బాగానే ఉంది. బోరు నీరు 78 చూపింది. 90కీ 78కీ తేడా 12. దాన్ని 58తో భాగించి, పదిని ఆ ఘాతానికి హెచ్చిస్తే 1.61. లెక్కలో తప్పు లేదు. కాని చివర్లో 1 స్టాండర్డును మళ్లీ ఎవరూ పెట్టలేదు.

మిగిలిన నీటి సీసా మా దగ్గరే ఉంది. ప్లాస్టిక్ సీసాలో నీటి ఫ్లోరైడ్ 28 రోజుల వరకు నిలుస్తుంది కాబట్టి మళ్లీ కొలిపించాము. మొదట దాదాపు అవే అంకెలు వచ్చాయి. ఈసారి చివర్లో 1 స్టాండర్డు పెట్టాము. 90 రావలసింది 88 వచ్చింది. దీన్నే డ్రిఫ్టు అంటారు. రెండు మిల్లీవోల్టులే కదా అనుకోకండి. 88తో లెక్కిస్తే అదే నీరు 1.49! ఒక లెక్కలో పరిమితి దాటింది, ఇంకో లెక్కలో దాటలేదు. ఒక్క మిల్లీవోల్టు జరిగితే జవాబు సుమారు నాలుగు శాతం జరుగుతుంది. ఆ పూట అంకెలతో ఏ వాదమూ చేయలేము, ఇటూ చేయలేము, అటూ చేయలేము.

ఎందుకు జరిగిందని వెతికితే, స్టాండర్డ్లు ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీసినవి. శాంపిలు గది వేడిలో ఉంది. అన్నీ ఒకే వేడికి వచ్చేదాకా ఆగాము. ప్లాస్టిక్ బీకర్లలో, ఒకే వేగంతో కలుపుతూ, అంకె నిలిచేదాకా కొన్ని నిమిషాలు ఓపిక పట్టాము. ఈసారి 1 స్టాండర్డు 91, 10 స్టాండర్డు 33, బోరు నీరు 82. చివర్లో 1 స్టాండర్డు మళ్లీ 91. లెక్క 1.43 తేలింది.

ఇంకో పరీక్ష కూడా పెట్టాము. వంద మిల్లీలీటర్ల బోరు నీటికి, లీటరుకు 100 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ద్రావణం ఒక మిల్లీలీటరు కలిపాము. 2.41 రావాలి. టిసాబ్ కలిపి పెడితే మీటరు 69 చూపింది, అంటే 2.4. కలిపినదంతా తిరిగి కనబడింది. నీటిలో ఏదీ ఫ్లోరైడ్‌ను దాచడం లేదన్నమాట.

అంటే మా 1.6 తప్పు. ఒప్పుకుందాం. కాని మిత్రులారా, ఉద్యమం ఓడిపోలేదు. భారత ప్రమాణం ఐఎస్ 10500లో ఆమోదించిన పరిమితి 1.0. వేరే నీటి వనరు లేనప్పుడు మాత్రమే 1.5 దాకా సహించవచ్చని ఉంది. ఆ పల్లె పక్క నుంచే పైపులైను పోతోంది. ప్రత్యామ్నాయం ఉండగా 1.5 మాట ఎత్తడానికి వీల్లేదు. రెండోసారి వెళ్లినప్పుడు మేము 1.6 అనలేదు. "1.43, స్లోపు 58, చివరి స్టాండర్డు కదల్లేదు, మీ పైపు మా పొలిమేరలో ఉంది, నీళ్లివ్వండి" అన్నాము. ఆయన స్లోపు గురించి అడగలేదు. పైపు గురించి మాట్లాడవలసి వచ్చింది.

అచ్యుతాపురం విద్యార్థులారా! మీ కాలేజీలో మీటరు ఉంటే, రేపు మీరు తెచ్చే ప్రతి అంకె పక్కన నాలుగు రాయండి. స్లోపు, మొదటి స్టాండర్డు, చివరి స్టాండర్డు, కలిపి చూసిన పరీక్ష. ఆ నాలుగూ లేని అంకెను మా పత్రిక ఇకమీదట అచ్చు వేయదు.