సాంబారు ఏ గిన్నెలో పోయాలి? లిస్టింగ్ ఫొటో మీద అక్షరాల సంగతి

ఈ రోజు ఒకే ఒక్క ఫొటో గురించి మాట్లాడుకుందాం. ఆన్‌లైన్‌లో వస్తువు అమ్మేటప్పుడు ఫొటో మీద అక్షరాలు వేస్తాం కదా, సైజు ఇంత, దీనికి పనికొస్తుంది, ఇలా వాడాలి అని. ఆ అక్షరాలు ఫోన్‌లో చదవగలిగేలా ఎలా వేయాలో, కింద రాసిన వివరాలతో ఎలా కలవాలో చూద్దాం.

సైనిక్‌పురిలో మా వీధి చివర ఒక అక్క స్టీల్ సామాన్లు అమ్ముతారు. బేగంబజార్ నుంచి సరుకు తెచ్చుకుని, వాట్సాప్ కేటలాగ్‌లో పెట్టి, ఉప్పల్, నాచారం, ఈసీఐఎల్ దాకా పంపిస్తుంటారు. ఆవిడ దగ్గర బాగా పోయే ఐటమ్ మూడు గిన్నెల లంచ్ బాక్స్. ఒక్కో గిన్నె 350 మి.లీ. అందులో ఒక్క గిన్నె మూతకే సిలికాన్ రింగ్ ఉంటుంది. మిగతా రెండింటికీ మామూలు మూతలే. కింద వివరాల్లో ఈ సంగతి అక్క సరిగ్గానే రాశారు, కాకపోతే అది ఐదో లైన్. పైన ఫొటో మీద మాత్రం పెద్ద అక్షరాలతో "100% లీక్‌ప్రూఫ్" అని ఉంది.

ఏం జరిగిందో మీరే ఊహించుకోండి. ఒకమ్మాయి మామూలు మూత గిన్నెలో సాంబారు పోసుకుని బ్యాగులో పెట్టుకుంది. ఉప్పల్ మెట్రో స్టేషన్ చేరేలోపు ల్యాప్‌టాప్ కవర్ తడిసిపోయింది. ఫోన్ చేసి గట్టిగానే అడిగింది. అక్క "కింద రాశాను కదమ్మా" అన్నారు. ఆ అమ్మాయి "పైన కూడా రాశారు కదా ఆంటీ" అంది. నన్నడిగితే తప్పు ఆ అమ్మాయిది కాదు. కొనేవాళ్లు ముందు ఫొటోలు పక్కకి జరుపుకుంటూ చూస్తారు, సగం మంది అక్కడే డిసైడ్ అయిపోతారు. ఫొటో ఒక మాట, కింద టెక్స్ట్ ఇంకో మాట చెబితే జనం నమ్మేది ఫొటోనే.

అక్క నా దగ్గరికి వచ్చి ఆ ఫొటో చూపించారు. లీక్‌ప్రూఫ్ అన్న మాట పక్కన పెడితే, దాని మీద ఇంకో పది లైన్లు ఉన్నాయి. అక్క కంప్యూటర్‌లో అవన్నీ చక్కగా కనిపిస్తున్నాయి, ఫోన్‌లో మాత్రం చీమల బారులా ఉన్నాయి. కారణం చిన్న లెక్క. ఫొటో 2000 పిక్సెల్స్ వెడల్పు. ఫోన్లు రకరకాలుగా ఉన్నా, అక్షరాల సైజు లెక్కకి చాలా ఆండ్రాయిడ్ ఫోన్ల స్క్రీన్ వెడల్పుని దాదాపు 360 యూనిట్లు అనుకోవచ్చు. 2000ని 360తో భాగిస్తే ఐదున్నర. అంటే మీరు వేసిన అక్షరం ఫోన్‌లోకి వచ్చేసరికి ఐదున్నర రెట్లు చిన్నదవుతుంది. అక్క వేసిన అక్షరాలు 42. ఫోన్‌లో అవి ఏడున్నర. మనం యాప్‌లలో హాయిగా చదివే మామూలు మేటర్ 16 దగ్గర ఉంటుంది. కాబట్టి లెక్కని వెనక్కి తిప్పండి. 16 కావాలంటే 16ని ఐదున్నరతో గుణించాలి, 88 వస్తుంది. 2000 పిక్సెల్స్ ఫొటో మీద 90కి తక్కువ అక్షరం వేయొద్దు. ముఖ్యమైన మాటకి 130, 140 పెట్టండి.

ఇక్కడ చాలామంది ఒక మాట అంటారు, "నా ఫోన్‌లో డిస్‌ప్లే సూపర్, అంతా షార్ప్‌గా కనిపిస్తుంది" అని. షార్ప్‌గానే ఉంటుంది, నిజమే. పదును వేరు, సైజు వేరు. వేళ్లతో జూమ్ చేస్తే చదవొచ్చు, కానీ బాక్స్ కొనడానికి వచ్చినవాళ్లు జూమ్ చేసి మరీ చదువుతారా?

తెలుగుకి ఇంకో చిక్కు ఉంది. మన అక్షరాలకి పైన గుడులు, కింద వత్తులు. ఇంగ్లిష్ అక్షరం చదవగలిగే సైజులోనే "స్ట్రా" లాంటిది ముద్దైపోతుంది. పైగా ఫొటో పంపినప్పుడు చాలాసార్లు కంప్రెస్ అవుతుంది కాబట్టి సన్న గీతలు ముందు పోతాయి. అందుకే `Noto Sans Telugu` లాంటి ఫాంట్‌లో బోల్డ్ తీసుకోండి. రెండు లైన్లు వేస్తే మధ్యలో జాగా బాగా వదలండి, లేకపోతే పై లైను వత్తు కింది లైను గుడికి తగులుతుంది. ఇంకోటి, "తక్కువ పదాలు" అనే సలహా తెలుగులో మోసం చేస్తుంది. మన పదాలు ఒకదానికొకటి అతుక్కుని రైలుబండిలా సాగుతాయి. పదాలు కాదు, అక్షరాలు లెక్కపెట్టండి. 140 సైజులో రెండు పక్కలా మార్జిన్ వదిలాక, ఫాంట్‌ని బట్టి ఒక లైనులో పదిహేను అక్షరాల దాకా పడతాయి. మీ మాట అందులో పట్టకపోతే అది ఫొటో మీదికి రావాల్సిన మాట కాదు, కింద వివరాల్లోకి పంపేయండి.

రంగు సంగతి స్టీల్ సామాన్లకి మరీ కష్టం. స్టీల్ మెరుస్తుంది కదా, ఒకచోట తెల్లగా, పక్కనే నల్లగా. దాని మీద తెల్ల అక్షరాలు వేస్తే సగం పదం మాయం. అక్క బంగారు రంగు వేశారు, పండగ కార్డులా ఉంది గానీ చదవలేం. వస్తువు మీద అసలు రాయకుండా, ఖాళీ జాగాలో ముదురు పట్టీ వేసి దాని మీద తెలుపు పెట్టాం. వెబ్ యాక్సెసిబిలిటీ గైడ్‌లైన్స్‌లో మామూలు సైజు అక్షరాలకి కాంట్రాస్ట్ కనీసం 4.5:1 ఉండాలని చెబుతారు. అది చెక్ చేసే ఫ్రీ టూల్స్ నెట్‌లో దొరుకుతాయి. అంత ఓపిక లేకపోతే ఫోన్ బ్రైట్‌నెస్ సగానికి తగ్గించి మధ్యాహ్నం ఎండలో నిలబడి చూడండి.

ఇప్పుడు అసలు మార్పు. మేం ముందు ఫొటో ముట్టుకోలేదు. కింద వివరాలు సరిచేశాం. లీక్‌ప్రూఫ్ లైను ఐదో స్థానం నుంచి మొదటికి తెచ్చి ఇలా రాశాం: "సాంబారు, రసం, పెరుగు: సిలికాన్ రింగ్ ఉన్న గిన్నెలో మాత్రమే. మిగతా రెండు గిన్నెలు పొడి కూరలకి, అన్నానికి." ఆ తర్వాతే ఫొటోకి వెళ్లాం. పది లైన్లూ తీసేశాం. రింగ్ ఉన్న గిన్నెకి బాణం వేసి "సాంబారు ఈ గిన్నెలో", మిగతా రెండింటి దగ్గర "పొడి కూర, అన్నం", అంతే. కెపాసిటీకి వేరే ఫొటో పెట్టాం, ఒక్కో గిన్నె పక్కన 350 మి.లీ అని. ఇంతకుముందు ఫొటోలో మొత్తం కలిపి 1050 అని ఉంది, కింద 350 అని ఉంది. రెండూ నిజాలే, కానీ ఒక్క గిన్నెలోనే లీటరు పడుతుందనుకున్నవాళ్లున్నారు. పేర్లు కూడా ఒకటే చేశాం. ఫొటోలో గిన్నె, కింద కంటైనర్, ఇంకో లైన్లో బౌల్ అంటే ఎన్ని వస్తువులు వస్తాయో అర్థం కాదు. అన్నిచోట్లా గిన్నె అనే పెట్టాం.

చూపించి పరీక్షించే పద్ధతి చెబుతాను. ఈ బాక్స్ గురించి ఏమీ తెలియని మనిషికి ఫోన్‌లో ఫొటో మూడు సెకన్లు చూపించి వెనక్కి తీసుకోండి. "బాగుందా?" అని అడగొద్దు, అందరూ బాగుందనే అంటారు. "సాంబారు ఎందులో పోస్తావ్?" అని అడగండి. అక్క వాళ్ల అత్తగారు కళ్లద్దాలు లేకుండానే వేలుపెట్టి చూపించారు.

రేపు మీరు అమెజాన్ లాంటి చోటికి వెళితే రెండు విషయాలు గుర్తుంచుకోండి. అక్కడ మెయిన్ ఫొటో తెల్ల బ్యాక్‌గ్రౌండ్ మీద వస్తువు ఒక్కటే ఉండాలి, అక్షరాలు వేయకూడదు. ఈ పట్టీలు, బాణాలు రెండో ఫొటో నుంచే. ఇంకోటి, 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ప్రకటనలో చెప్పిన లక్షణాలు వస్తువులో లేకపోతే సెల్లర్ దాన్ని వెనక్కి తీసుకోనని అనడానికి లేదు.

ఈ నెల అక్కకి కొత్త స్టాక్ వచ్చింది. చూడ్డానికి అదే బాక్స్, కానీ ఈసారి రెండు మూతలకి రింగ్ ఉంది. నీళ్లు పోసి బోర్లించి చూశారు, ఒకటి బాగానే ఉంది, ఇంకోటి కొంచెం కారుతోంది. ఫొటో మార్చలేదు. బాణం ఇంకా ఒక్క గిన్నెకే ఉంది.